కస్టమర్లతో మాట్లాడటం ఇష్టం లేనివాళ్లకు ఫాల్, పీకో పని
అమ్మకం, బేరాలు అంటేనే టెన్షన్ వచ్చేవాళ్లు ఇంటి ముందు బోర్డు పెట్టకండి, దానికి బదులు రెండు మూడు చీరల షాపులకో బొటిక్‌లకో ఫాల్, పీకో జాబ్‌వర్క్ చేయండి. కస్టమర్‌తో మాట్లాడేది షాపు వాళ్లే, మీకు చీరల కట్ట వస్తుంది, కుట్టి పంపేస్తారు, అంతే. పీకోకి జిగ్‌జాగ్ మిషన్ కావాలి. కాటన్ ఫాల్‌ని మాత్రం ముందే నీళ్లలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టండి, లేకపోతే మొదటి ఉతుకుకే ఫాల్ కుంచించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది, షాపు వాళ్లు మళ్లీ పని ఇవ్వరు. చీర రాగానే నంబరు చీటీ పిన్ చేసి, ఏవైనా మరకలుంటే అప్పుడే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. డబ్బులు చీరకి ఇంత అని మాట్లాడుకుని వారం వారం తీసుకోండి. పెళ్లిళ్ల సీజన్లో రోజుకి ఎన్ని చేయగలరో ముందే చెప్పేయండి.