బావిలో స్థాయిలు లెక్కకు సరిపోవడం లేదా? గ్రాఫ్‌లో ఎక్కడ తప్పుతుందో చూద్దాం

క్వాంటం మెకానిక్స్‌లో పరిమిత లోతు గల బావిలో ఎలక్ట్రాన్‌కు ఏ శక్తి స్థాయిలు ఉంటాయో గ్రాఫ్ గీసి కనుక్కుంటాం. ఒక్క ఉదాహరణనే చివరిదాకా పట్టుకుందాం. బావి వెడల్పు 1 నానోమీటర్, లోతు 2 ఎలక్ట్రాన్‌వోల్టులు, లోపల ఒక ఎలక్ట్రాన్. సగం వెడల్పును `a` అనీ, లోతును `V0` అనీ, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని `m` అనీ, బావి అడుగు నుంచి కొలిచిన శక్తిని `E` అనీ అనుకుంటే:

```
z  = a√(2mE)/ħ
z0 = a√(2mV0)/ħ
సరి స్థితులు:  z tan z  = √(z0² − z²)
బేసి స్థితులు: −z cot z = √(z0² − z²)
```

కుడివైపు ఉన్నది `z0` వ్యాసార్ధం గల పావు వృత్తం. అది టాన్, కాట్ వక్రాలను ఎక్కడ ఖండిస్తే అక్కడ ఒక బంధిత స్థితి, అంటే ఎలక్ట్రాన్ బావిలోనే చిక్కుకుని ఉండే స్థితి. మన బావికి `z0` విలువ 3.62. ఖండన బిందువులు మూడు: `z` = 1.23, 2.41, 3.45. శక్తులు 0.23, 0.89, 1.81 ఎలక్ట్రాన్‌వోల్టులు. మీకు ఇవి రాకపోతే కింద చూడండి.

సమస్య: మూడు రావాల్సిన చోట ఐదు వచ్చాయి.

`a` స్థానంలో పూర్తి వెడల్పు వేసి ఉంటారు. అప్పుడు `z0` రెట్టింపై 7.24 అవుతుంది, వృత్తం ఇంకో రెండు వక్రాలను తాకుతుంది. కొన్ని పుస్తకాల్లో బావి వెడల్పే `a`, కొన్నింటిలో `2a`. సూత్రం ఏ పుస్తకంలోదైతే కొలత కూడా అందులోని పద్ధతిలోనే తీసుకోవాలి.

సమస్య: రెండే వచ్చాయి, రెండూ సరి స్థితులే.

బేసి సమీకరణాన్ని గీయడం మరిచిపోయారు. సరి, బేసి స్థితులు ఒకదాని తర్వాత ఒకటిగా రావాలి. వరుసగా రెండు సరి స్థితులు కనిపిస్తే మధ్యలో ఒకటి జారిపోయినట్టే.

సమస్య: కంప్యూటర్ `z` = 1.5708 దగ్గర ఒక మూలం చూపిస్తోంది, గ్రాఫ్‌లో మాత్రం అక్కడ ఖండనే లేదు.

అది π/2. అక్కడ టాన్ ధనాత్మక అనంతం నుంచి రుణాత్మక అనంతానికి దూకుతుంది. గుర్తు మారింది కాబట్టి బైసెక్షన్ పద్ధతి దాన్ని మూలం అనుకుంటుంది. అనుమానం వస్తే ఆ విలువను సమీకరణంలో తిరిగి వేయండి: నిజమైన మూలమైతే తేడా సున్నాకు దగ్గరగా ఉంటుంది, దొంగ మూలమైతే లక్షల్లో ఉంటుంది. టాన్‌ను పూర్తిగా తీసేయడమే సరైన మందు:

```
సరి:  z sin z − √(z0² − z²) cos z = 0
బేసి: z cos z + √(z0² − z²) sin z = 0
```

ఇక్కడ దూకుళ్లు ఉండవు. అయితే బేసి సమీకరణానికి `z` = 0 కూడా మూలంగా వస్తుంది. అక్కడ వేవ్ ఫంక్షనే సున్నా కాబట్టి దాన్ని వదిలేయాలి.

సమస్య: అనంత బావిలో స్థాయిలకు అంతే లేదు, ఇక్కడ మూడింటితోనే ఆగిపోయింది.

ఇది తప్పు కాదు. కానీ దీనికి చాలామంది చెప్పే కారణం తప్పు. అనంత బావి స్థాయిల్లో 2 ఎలక్ట్రాన్‌వోల్టుల కంటే పైనున్నవి కొట్టేస్తే మిగిలేవే మన స్థాయిలు అంటారు. సరిచూద్దాం. అదే వెడల్పు గల అనంత బావిలో స్థాయిలు 0.38, 1.50, 3.38... అలా పెరుగుతూ పోతాయి. 2 కంటే తక్కువవి రెండే. మనకు మాత్రం మూడు ఉన్నాయి! నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే.

కారణం గోడ దగ్గర ఉంది. అనంత బావిలో తరంగం గోడ దగ్గర కచ్చితంగా సున్నా కావాలి, కాబట్టి `z` విలువ `nπ/2` కావాల్సిందే. పరిమిత బావిలో తరంగం గోడ దాటి కొంత దూరం లోపలికి దిగుతుంది. గోడను చేరేసరికి అక్షం వైపు వంగడం మొదలైతే చాలు, మిగతా తరుగుదల బయట జరుగుతుంది. అందుకే n-వ స్థితి `(n−1)π/2`, `nπ/2` మధ్య ఎక్కడో కుదురుకుంటుంది. తరంగదైర్ఘ్యం సాగుతుంది, శక్తి తగ్గుతుంది. 3.38 దగ్గర ఉండాల్సిన మూడో స్థాయి 1.81కి దిగి బావిలోనే మిగిలింది. దాని తోక గోడ అవతల దాదాపు 0.45 నానోమీటర్ దూరానికి గానీ మూడో వంతుకు తగ్గదు. మొదటి స్థితికి అదే దూరం 0.15 మాత్రమే.

మరి నాలుగోది ఎందుకు లేదు? దానికి `z` కనీసం 3π/2, అంటే 4.71 దాటాలి. మన వృత్తం 3.62 దగ్గరే అక్షాన్ని తాకి ముగిసిపోతుంది. అంతకంటే ఎక్కువ శక్తి ఉంటే బయట తరంగం తరిగిపోదు, ఊగుతూనే సాగిపోతుంది. అది బంధిత స్థితి కాదు. లోతు పెంచుతూ పోతే వృత్తం పెరుగుతుంది, ప్రతి π/2 దాటినప్పుడల్లా ఒక కొత్త స్థితి పుడుతుంది. లోతు అనంతమైతే వృత్తానికి అంచే ఉండదు. ప్రతి ఖండనా `nπ/2` గీతకు చేరువవుతుంది.

కాబట్టి గ్రాఫ్ గీయకముందే లెక్క చూసుకోవచ్చు: `2z0/π` విలువ కట్టి, దశాంశ భాగం వదిలేసి, 1 కలపండి. మనకు 2.3 వస్తుంది, కాబట్టి మూడు. ఆ విలువ పూర్ణాంకాన్ని కొద్దిగా మాత్రమే దాటితే జాగ్రత్త: చివరి ఖండన వృత్తం అక్షాన్ని తాకే మూలలో ఇరుక్కుని ఉంటుంది, గ్రాఫ్‌ను అక్కడ పెద్దది చేస్తే తప్ప కంటికి కనిపించదు.