సర్క్యులర్‌ను తెలుగు చేద్దాం – నాలుగో పాఠం: ఎవరు, ఎవరికి, ఎప్పటిలోగా

పోయిన పాఠంలో సూచికల వరసను, ఉత్తర్వుల నంబర్లను పైనుంచి తీసి కాగితం అడుగుకు దించడం నేర్చుకున్నాం. ఈసారి క్రియల దగ్గరికి వద్దాం. సర్క్యులర్ చదివినవాళ్లు ఎక్కువగా దారి తప్పేది అక్కడే.

మా పెద్దమ్మకు కేంద్ర ప్రభుత్వ కుటుంబ పెన్షను వస్తుంది. ఒక ఏడాది నవంబరులో ఆమెకు బ్యాంకులో ఒక నోటీసు కాగితం ఇచ్చారు. అందులో "జీవన ప్రమాణ పత్రములు సమర్పించబడవలెను" అని ఉంది. పెన్షనుదారు బతికే ఉన్నట్టు ఏటా ఇచ్చే ధ్రువపత్రం అది. ఆమె ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బీరువాలో పెట్టుకుంది. బ్యాంకువాళ్లే ఆఫీసుకు పంపుతారు కాబోలు అనుకుంది. ఆ తర్వాత పెన్షను ఆగిపోయింది. ఆమె తెలుగు బాగా చదువుతుంది. ఆ వాక్యంలో మాత్రం పని ఎవరిదో లేదు.

ఈ పాఠం కోసం అలాంటి సర్క్యులర్‌నే నమూనాగా నేను కూర్చాను. నియమాలు అసలువే. భాష ఆఫీసులో రాసే ధోరణిలోనే ఉంచాను.

"పై సూచికల దృష్ట్యా, సమస్త కేంద్ర ప్రభుత్వ పెన్షనుదారులు మరియు కుటుంబ పెన్షనుదారులకు సంబంధించిన జీవన ప్రమాణ పత్రములు ప్రతి సంవత్సరము నవంబరు మాసములో పెన్షను చెల్లింపు అధికారులకు సమర్పించబడవలెను. 80 సంవత్సరములు మరియు ఆపై వయస్సు గలవారి విషయములో సదరు పత్రములు అక్టోబరు 1వ తేదీ నుండియే స్వీకరించబడును. నిర్ణీత గడువులోగా సమర్పించబడని యెడల పెన్షను చెల్లింపు నిలుపుదల చేయబడును. పత్రము అందిన పిమ్మట బకాయిలతో సహా పునరుద్ధరించబడును. డిజిటల్ విధానములో రూపొందించబడిన పత్రములు సంబంధిత అధికారిచే ఆమోదించబడిన మీదటనే చెల్లుబాటు కాగలవు."

ముందుగా పెన్సిలు తీసుకుని క్రియల కింద గీత గీయండి. సమర్పించబడవలెను, స్వీకరించబడును, నిలుపుదల చేయబడును, పునరుద్ధరించబడును, రూపొందించబడిన, ఆమోదించబడిన. ఒక్కొక్కదాని పక్కన మార్జిన్‌లో ఆ పని చేసే మనిషి పేరో, ఆఫీసు పేరో రాయండి. సమర్పించేది పెన్షనుదారు. తీసుకునేది, ఆపేది, మళ్లీ ఇచ్చేది పెన్షను చెల్లించే బ్యాంకు. డిజిటల్ పత్రం తయారుచేసుకునేది పెన్షనుదారు, ఆమోదించేది మళ్లీ బ్యాంకు. చాలామంది విషయంలో "పెన్షను చెల్లింపు అధికారి", "సంబంధిత అధికారి" రెండూ ఆ బ్యాంకే. సర్క్యులర్ ఒకే సంస్థను రెండు పేర్లతో పిలిచింది. చదివేవాళ్లు రెండు ఆఫీసులకు తిరగాలేమో అనుకుంటారు. తిరగరాసినప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే పేరు వాడండి.

ఇక్కడ తెలుగులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కొత్తగా రాసేవాళ్లు "బడు" తీసేస్తే పని అయిపోయిందనుకుంటారు. "సమర్పించబడవలెను"ను "సమర్పించాలి" అని, "నిలుపుదల చేయబడును"ను "నిలిపివేస్తారు" అని మారుస్తారు. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ "సమర్పించాలి" అన్న మాటలో ఎవరు అన్నది లేదు. "నిలిపివేస్తారు"లోనూ లేదు. మన భాషలో కర్త లేకుండా వాక్యం చక్కగా నిలబడుతుంది కాబట్టి, లోపం మన చెవికి అందదు. మా పెద్దమ్మకు "పత్రాలు సమర్పించాలి" అని రాసి ఇచ్చినా ఆమె బీరువాలోనే పెట్టుకునేది. అందుకే నియమం ఇది: ఆదేశం ఇచ్చే ప్రతి వాక్యంలో "మీరు" గాని "బ్యాంకు" గాని కంటికి కనబడాలి. ఒకే పేరాలో అదే కర్త కొనసాగుతుంటే రెండోసారి వదిలేయవచ్చు, కర్త మారినచోట మాత్రం తప్పక రాయాలి.

మార్జిన్ నింపాక ఖాళీలు బయటపడతాయి. పెన్షను ఆపేది ఏ నెల నుంచి? నమూనాలో లేదు. పత్రం తెచ్చేటప్పుడు ఏ నంబర్లు కావాలి? అదీ లేదు. వీటిని మీరు ఊహించి నింపకూడదు. సర్క్యులర్ పంపిన సెక్షన్‌కు ఫోను చేసి అడిగి, వాళ్లు చెప్పింది రాసుకుని, తిరగరాసిన ప్రతిని వాళ్లకు చూపించి ఒప్పించుకున్నాకే బయటికి పంపాలి. అలాగే "చేయబడును" అన్నదాన్ని "చేయవచ్చు" అని మెత్తబరచకండి, "చేయవచ్చును" అన్నదాన్ని "చేస్తారు" అని బిగించకండి. ఆ తేడా ఒకరి పెన్షను మీద పడుతుంది.

ఖాళీలు నింపాక ఇలా వచ్చింది.

"మీరు కేంద్ర ప్రభుత్వ పెన్షను గాని, కుటుంబ పెన్షను గాని తీసుకుంటున్నారా? అయితే ప్రతి ఏడాది నవంబరు 1 నుంచి 30 మధ్య మీరు బతికే ఉన్నట్టు మీ బ్యాంకుకు ధ్రువపత్రం ఇవ్వాలి. 30వ తేదీ కూడా లెక్కలోకి వస్తుంది. మీకు 80 ఏళ్లు నిండితే అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు.

మీరు పెన్షను తీసుకునే బ్యాంకు ఏ శాఖకైనా వెళ్లవచ్చు. పీపీఓ నంబరు, ఖాతా నంబరు వెంట తీసుకెళ్లండి. పత్రం ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.

మీరు ఆధార్‌తో డిజిటల్ పత్రం కూడా తయారుచేసుకోవచ్చు. అప్పుడు మీ ఫోనుకు ప్రమాణ్ ఐడీ వస్తుంది. ఐడీ వచ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. బ్యాంకు దాన్ని ఆమోదించాలి. పీపీఓ నంబరో ఖాతా నంబరో తప్పు పడితే బ్యాంకు తిరస్కరిస్తుంది. కాబట్టి ఆమోదించిందో లేదో మీరు కనుక్కోండి.

నవంబరు 30 లోపల మీ పత్రం అందకపోతే డిసెంబరు పెన్షను నుంచి బ్యాంకు ఆపేస్తుంది. ఆ తర్వాత మీరు పత్రం ఇస్తే, ఆగిన నెలల డబ్బుతో కలిపి బ్యాంకు మళ్లీ ఇస్తుంది."

నమూనా కంటే ఇది పొడవైంది, ఫరవాలేదు. ఎక్కువ చోటు డిజిటల్ పేరాకే ఇచ్చాను, ఎందుకంటే అసలు వాక్యంలో అతి ముఖ్యమైన సంగతి చివరి నాలుగు మాటల్లో దాక్కుంది. ఐడీ రాగానే జనం నిశ్చింతగా ఉండిపోతారు, తిరస్కరణ సంగతి డబ్బు రానప్పుడు తెలుస్తుంది. "జీవన ప్రమాణ పత్రం" అన్న పేరును మొదటి వాక్యాల్లో వాడలేదని గమనించే ఉంటారు. బ్యాంకు కౌంటరులో ఆ పేరే అడుగుతారు కాబట్టి శీర్షికలో "జీవన ప్రమాణ పత్రం (లైఫ్ సర్టిఫికెట్)" అని ఒక్కసారి పెట్టండి. నేను అలాగే పెడతాను.

మొదటి వాక్యంలోనే "కేంద్ర ప్రభుత్వ" అని పెట్టడానికీ కారణం ఉంది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ నుంచి ఈపీఎస్ పెన్షను తీసుకునేవాళ్లు ఏడాదిలో ఎప్పుడైనా పత్రం ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనుదారుల నియమాలు వేరు. వాళ్లు తమది కాని కాగితం చదివి క్యూలో నిలబడకుండా, అది ముందే తెలియాలి.

పరీక్ష ఎలా చేయాలంటే, పెన్షను తీసుకునే ఒకరికి మీరు రాసింది చదవడానికి ఇవ్వండి. "అర్థమైందా?" అని అడగకండి. అందరూ అయిందనే అంటారు. కాగితం వెనక్కి తీసుకుని, "రేపు పొద్దున ఎక్కడికి వెళ్తారు? ఏం పట్టుకెళ్తారు? వెళ్లకపోతే ఏమవుతుంది?" అని అడగండి. మూడింటికీ వాళ్ల మాటల్లో జవాబు రావాలి. తడబడిన చోట మీ వాక్యాన్ని సరిదిద్ది, ఈసారి మరొకరికి చూపించండి. మొదటివాళ్లకు జవాబు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

అభ్యాసం: "కుటుంబ పెన్షనుదారుల విషయములో పునర్వివాహము జరుగలేదను ధ్రువీకరణ, అవసరమైన సందర్భములలో, జతపరచబడవలెను." మార్జిన్‌లో కర్తలను రాసి, "అవసరమైన సందర్భములు" అన్నచోట ఏ ప్రశ్న ఎవరిని అడగాలో కూడా రాసుకోండి. ఐదో పాఠం దానితోనే మొదలుపెడదాం.