ఆడిట్ కమిటీ పాఠాలు – 4: ఆడిటర్‌కీ మేనేజ్‌మెంట్‌కీ లెక్క కుదరనప్పుడు

పోయినసారి రిస్కుల గురించి ఏం అడగాలో చూశాం కదా, ఈసారి ఒక్క గొడవనే పట్టుకుందాం. గుంటూరులో మిర్చి ఎక్స్‌పోర్ట్ చేసే కంపెనీ ఒకటి ఉందనుకోండి, మార్చి 31న కోల్డ్ స్టోరేజీలో 10,000 క్వింటాళ్ల సరుకుంది, క్వింటాల్ 18,000 చొప్పున కొన్నది, అంటే 18 కోట్లు. ఈలోపు రేటు పడిపోయింది. ఖర్చులు పోను అమ్మితే చేతికొచ్చేది కొన్న రేటు కంటే తక్కువైతే ఆ తక్కువ రేటే పుస్తకాల్లో చూపాలి, ఇది సరుకు నిల్వలకున్న అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 2 రూలు. సీఎఫ్‌ఓ 17,000 వస్తుందంటాడు, జూన్‌కి రేటు లేస్తుందని ఆయన నమ్మకం. ఆడిటర్ 15,000 అంటాడు. చివరికి 16,000 దగ్గర తేల్చారు.

సరిగ్గా మధ్యలో తేలిందంటే నాకు అనుమానమే, ఎందుకంటే ఆధారం చూసి తేల్చిన అంకె అలా సగానికి పడటం అరుదు, బేరంలోనే పడుతుంది.

కమిటీ మీటింగ్‌లో ఆడిటర్‌ని "ఏమన్నా ఇబ్బందులున్నాయాండీ" అని అడిగితే "ఏం లేవండీ" అనే వస్తుంది. ఎండీనీ సీఎఫ్‌ఓనీ కాసేపు బయట కూర్చోమనండి, తర్వాత ఇలా అడగండి: "మీ మొదటి అంకె ఎంత? 15,000 నుంచి 16,000కి రావడానికి కొత్తగా చూసిన కాగితం ఏది?" కొత్త కాగితం లేకపోతే మార్చింది ఆధారం కాదు, ఒత్తిడి.

వెంటనే "ఏప్రిల్, మే నెలల్లో అమ్మిన బిల్లులు చూశారా?" అనండి. మార్చి 31 నాటి పరిస్థితి ఎలా ఉందో ఆ తర్వాత జరిగిన అమ్మకాలే బాగా చెప్తాయి. అదే రకం సరుకు 15,200కి పోయుంటే జూన్ ఆశ నిలబడదు. కానీ మార్చి తర్వాత కొత్తగా ఏదో జరిగి రేటు మారుంటే మాత్రం ఆ బిల్లుల్ని అలాగే వాడకూడదు, అదీ అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అసలు చోటుకొద్దాం. ఆడిటర్ లెక్కలో నష్టం 3 కోట్లు, పుస్తకాల్లో పెట్టింది 2 కోట్లు. మిగిలిన కోటి "సరిచేయని తప్పుల" లిస్టులో ఉండాలి, ఆడిటర్లు పాటించాల్సిన ప్రమాణం ఎస్‌ఏ 450 ప్రకారం ఆ లిస్టు మీకు చెప్పి సరిచేయమని అడగాల్సింది ఆడిటరే. లిస్టు అడిగి తీసుకోండి, అందులో ఈ కోటి లేకపోతే ఎందుకు లేదో అడగండి. "మా మెటీరియాలిటీ 1.25 కోట్లండీ, దానికంటే తక్కువే" అంటారు, మెటీరియాలిటీ అంటే తప్పు పెద్దదని లెక్కేసే హద్దు, అక్కడితో ఆగొద్దు. "ఈ కోటి కూడా లాభంలోంచి తీసేస్తే బ్యాంకుకిచ్చిన లోన్ షరతు ఏదన్నా తప్పుతుందా, లాభం నష్టంలోకి తిరుగుతుందా?" అని అడగండి. తప్పుతుందంటే అంకె చిన్నదైనా అది పెద్ద విషయమే, దాన్నీ ఎస్‌ఏ 450 లెక్కలోకి తీసుకోమంటుంది.

చివరగా, ఏదన్నా రికార్డు అడిగితే ఆలస్యం చేశారా, ఎవరు చేశారు అని ఒక మాట అడిగి, జవాబులన్నీ మినిట్స్‌లో రాయించండి. సీఎఫ్‌ఓని తిరిగి లోపలికి పిలిచాక ఆడిటర్ చెప్పింది ఆయన ముందే చెప్పి ఆయన వాదన కూడా వినాలి, ఆయన దగ్గర అప్పటికే కుదిరిన ఎక్స్‌పోర్ట్ ఆర్డర్లు ఉండొచ్చు, ఆ సరుకు వరకు కాంట్రాక్ట్ రేటే లెక్క.