వాయిస్ అనువాద యాప్‌లో మాట్లాడే ముందు

- అనువాదం వినిపించే ముందు, మీ మాటగా తెరపై పడిన వాక్యం చదవండి. మీరు ‘అరవై’ అంటే యాప్ ‘ఇరవై’ అని రాసుకున్నా, అనువాదం తడబడకుండా తప్పునే చెబుతుంది. ఎదుటివారికి అనుమానం రాదు. అంకెలైతే టైప్ చేసి చూపించడమే మేలు.

- చివరి మాట పూర్తయ్యాకే మైక్ ఆపండి. తెలుగులో ‘కాదు’, ‘వద్దు’ వాక్యం చివర్లో వస్తాయి. ‘ఈ మందు నాకు...’ అని ఆగితే కొన్ని యాప్‌లు అక్కడితో ముగించేస్తాయి, ‘పడదు’ పోతుంది.

- రొదలో ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పట్టుకోండి. గట్టిగా అరిస్తే మాట చెదురుతుంది. కింది అంచున ఉండే మైక్‌కు వేలు అడ్డుపెట్టకండి.

- యాస మాటో, రెండర్థాల మాటో తప్పుగా పడితే అదే మళ్లీ చెప్పకండి, మాట మార్చండి. ‘పళ్లు’ అన్నది పండ్లుగా పడితే ‘దంతాలు’ అనండి.