గ్యాస్ బండలో ఇంకా ఎంత గ్యాస్ ఉందో తూచి తెలుసుకోవడం ఎలా?

గ్యాస్ అయిపోతోందేమోనని బండను ఊపి చూడటం, మంట తగ్గిందా అని గమనించడం చాలా ఇళ్లలో అలవాటు. బండలో ఉండేది ద్రవం. అది చివరి దాకా ఆవిరవుతూనే ఉంటుంది కాబట్టి ఒత్తిడి పెద్దగా మారదు, మంట కూడా దాదాపు చివరి వరకూ ఒకేలా వస్తుంది. ఖచ్చితంగా తెలియాలంటే తూచాల్సిందే.

ముందు ఖాళీ బండ బరువు చూసుకోండి. పైన చేతిపట్టును మోస్తున్న నిలువు పట్టీల మీద ఆ అంకె ఉంటుంది. మామూలుగా 15 నుంచి 17 కిలోల మధ్య ఉంటుంది, దాని పక్కన TW అనో Tare అనో కనిపిస్తుంది. అక్కడే 14.2 అని ఉంటే అది నిండా నింపినప్పటి గ్యాస్ బరువు. A-27 లాంటిది ఉంటే అది బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోకండి. ఖాళీ బరువు ఒక్కో బండకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి పాత బండ అంకె కొత్తదానికి పనికిరాదు.

తర్వాత స్టవ్ ఆపి, రెగ్యులేటర్ కట్టేసి, దాన్ని బండ నుంచి తీసెయ్యండి. ఖాళీ బరువులో రెగ్యులేటర్, పైపు కలిసి ఉండవు. దగ్గర్లో దీపం, అగరుబత్తి లాంటివి వెలగకూడదు. వాల్వుకు తెల్ల మూత బిగించండి.

ఇక తూకం. 40 కిలోల దాకా తూగే కొక్కెం కాటా ఉంటే చేతిపట్టుకు గట్టి తాడు కట్టి, ఇద్దరు కలిసి నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేపితే చాలు. మనుషుల బరువు చూసే మెషిన్ అయితే గట్టి నేల మీద పెట్టి, దాని మీద చెక్క పలక వేసి బండను నిలబెట్టండి. పలక లేకపోతే బండ అడుగు రింగు అంకెలను కప్పేస్తుంది. పలకను విడిగా తూచి ఆ బరువు తీసెయ్యాలి. ఎలా తూచినా బండ నిటారుగానే ఉండాలి.

ఉదాహరణకు పట్టీ మీద 15.9 ఉంది, కాటా 21.3 చూపించింది. అంటే మిగిలిన గ్యాస్ 5.4 కిలోలు. నిండు బండ మీ ఇంట్లో 40 రోజులు వస్తుందనుకుంటే రోజుకు సుమారు 355 గ్రాములు వాడుతున్నట్టు. ఆ లెక్కన ఇంకా 15 రోజులు వస్తుంది. ఇంట్లో వాడే మెషిన్లు అర కిలో అటూ ఇటూ చూపించొచ్చు కాబట్టి 13 రోజులే అనుకుని బుక్ చేసుకోవడం మంచిది. కిలో లోపు మిగిలిందని తేలితే ఇక లెక్కలు వద్దు, వెంటనే బుక్ చేసెయ్యండి.

రెగ్యులేటర్ మళ్లీ బిగించాక, స్టవ్ వెలిగించే ముందు, అతుకు దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

కొత్త బండ ఇంటికి వచ్చినప్పుడూ ఈ లెక్కే పనికొస్తుంది. ఖాళీ బరువు 15.9 అయితే మొత్తం 30.1 కిలోలు ఉండాలి, 150 గ్రాముల తేడా వరకూ పర్లేదు. అంతకంటే తక్కువ తూగితే ఆ బండ తీసుకోకుండా వేరేది ఇవ్వమనండి. తెచ్చినవాళ్లనే తూచి చూపించమని అడిగే హక్కు మీకుంది.