ఆర్థిక స్వేచ్ఛ అంకె వేసుకునే ముందు జాగ్రత్తలు

☐ ఉద్యోగం మానేసి బతకడానికి ఎంత సొమ్ము కూడబెట్టాలో తేల్చుకోవడానికి చాలామంది ఏడాది ఖర్చును 25తో గుణిస్తారు. అలా గుణించే ముందు, ఉద్యోగం లేని ఒక మామూలు మంగళవారాన్ని గంటగంటకీ కాగితం మీద రాయండి. సెలవుల్లో చేసేవి కాదు, ఏళ్ల తరబడి చేయగలిగేవి. ఉదయం పది దాటాక ఏం రాయాలో తోచకపోతే, లోటు డబ్బుది కాదు. వీలైతే నెల సెలవు పెట్టి అలా గడిపి చూడండి. మొదటి వారాన్ని లెక్కలోకి తీసుకోకండి, అది నిద్రకే సరిపోతుంది.

☐ గుణించాల్సింది ఆ జీవితానికయ్యే ఖర్చును, ఇప్పటి ఖర్చును కాదు. ఆఫీసు ప్రయాణాలు తగ్గుతాయి, కంపెనీ కట్టే ఆరోగ్య బీమా మీ మీద పడవచ్చు. నెలకు 5 వేలు అదనమైతే లక్ష్యం 15 లక్షలు పెరుగుతుంది. అందుకు ఇంకెంతకాలం పనిచేయాలో చూసి, ఆ ఖర్చు కావాలో వద్దో తేల్చుకోండి.

☐ ఎంత ఉంటే తమకు ‘చాలు’ అనిపిస్తుందో ఇంట్లోవాళ్లు విడిగా రాయాలి.

☐ 25 రెట్ల సూత్రం 30 ఏళ్ల విశ్రాంత జీవితానికి, అమెరికా మార్కెట్ల చరిత్రతో కట్టిన లెక్క. నలభైల్లోనే మానేసేవారికి అది చాలకపోవచ్చు.