కొలత పక్కన ఇంకో మాట

చిన్నీ,

కొలతల పుస్తకంలో అంకె ఒక్కటే రాయకు. అది ఒంటి మీద తీసినదో, ఆది జాకెట్టు మీద తీసినదో పక్కనే రాయి. నేను మొదట్లో 'ఛాతీ 36' అని ఊరుకున్నాను. కత్తిరించేనాటికి ఒంటి కొలతే అనుకుని లూజుకి 2 అంగుళాలు కలిపాను. తీరా అది ఆది కొలత, లూజు అందులోనే ఉంది! జాకెట్టు 38 అయి చంకల దగ్గర ముడతలు పడింది. రెండు పక్కలా కుట్టు అర అంగుళం లోపలికి జరిపితే సరిపోయింది, కానీ చేతులూ విప్పాల్సొచ్చింది.

ఆ తప్పు, దిద్దిన తీరు ఆ కొలత కిందే రాయమ్మా. వెనక పేజీల్లో విడిగా రాస్తే, ఆ జాకెట్టు కుట్టించుకున్నావిడ మళ్లీ వచ్చినప్పుడు కంటపడదు. తేదీ కూడా వెయ్యి, ఒళ్లు మారుతుంది.

మీ పిన్ని